గీతలు గీసిన చోట లోహం

ఫౌండ్రీ నుంచి వచ్చిన ఒక పోత ఇనుప బేరింగ్ హౌసింగ్‌ను తీసుకుందాం. ముందువైపు పళ్లెంలా వెడల్పైన ఫ్లాంజి, దాని వెనక పీపాలాంటి ఒళ్లు. ఆ పీపా లోపలంతా డొల్ల. గోడ ఎంత మందం ఉందని అడిగితే చప్పున చెప్పడం కష్టం. మూతి ఇరుకు, లోపలి గది దానికంటే వెడల్పు. వెర్నియర్ దవడలు మూతిలోకి దూరినా, ఒక దవడ గోడకు లోపల, ఒకటి బయట పెట్టి పట్టుకునే వీలు లేదు. అడ్డంగా ముందు ఫ్లాంజి ఉంది. బయటినుంచి చూసి ఎవరూ చెప్పలేని ఈ సంగతిని ఆ వస్తువు డ్రాయింగు చెబుతుంది. అందులో ఒక సెక్షన్ వ్యూ ఉంటుంది, ఆ బొమ్మలో కొన్ని చోట్ల ఏటవాలుగా సన్నటి గీతలు నింపి ఉంటాయి. ఆ గీతల్నే హ్యాచింగ్ అంటారు.

సెక్షన్ వ్యూ అంటే వస్తువును ఊహలో నిలువునా కోసి, చూసేవాడికి అడ్డుగా ఉన్న సగాన్ని పక్కన పెట్టేసి, మిగిలిన సగాన్ని గీయడం. ఎక్కడ కోశారో పక్కనున్న మరో వ్యూలో తెలుస్తుంది. అక్కడ గీతా చుక్కా కలిపిన సన్నటి చైన్ లైను ఉంటుంది, దాని రెండు కొసలూ దళసరిగా ఉంటాయి. కొసల దగ్గర బాణం గుర్తులు, ‘ఎ’, ‘ఎ’ అనే అక్షరాలు ఉంటాయి. బాణాలు ఎటు చూపిస్తే అటు చూస్తున్నామని అర్థం. కోసిన బొమ్మ కింద ‘ఎ-ఎ’ అని రాస్తారు. హ్యాచింగ్ వైపు చూడబోయే ముందు ఈ చైన్ లైను ఎక్కడినుంచి వెళ్లిందో చూడడం అలవాటు చేసుకోవాలి. అది కేంద్రం గుండా వెళ్లిందా, పక్కగా వెళ్లిందా అన్నదాన్ని బట్టి బొమ్మలోని మందానికి అర్థమే మారిపోతుంది.

బొప్పాయిని నిలువునా కోస్తే కత్తి తగిలిన చోట గుజ్జు తడిగా మెరుస్తుంది. మధ్య గుంటకు కత్తి తగలదు, అయినా గుంట లోపలి గోడ మన కళ్లకు కనిపిస్తుంది. డ్రాయింగులోనూ అంతే. కత్తి తగిలిన చోటే హ్యాచింగ్. తగలకుండా వెనక కనిపించేది ఏదైనా హ్యాచింగ్ లేకుండా తెల్లగానే ఉంటుంది. కాబట్టి తెల్లగా ఉన్న చోటల్లా ఖాళీ అనుకోవడం సగం నిజమే. అది ఖాళీ కావచ్చు, కోతకు వెనక ఎక్కడో ఉన్న లోహమూ కావచ్చు.

మన హౌసింగ్ కొలతలు ఇలా ఉన్నాయనుకుందాం. మొత్తం పొడవు 90 మిల్లీమీటర్లు. ముందు ఫ్లాంజి డయా 120, దాని మందం 14. వెనక ఒళ్లు డయా 72. లోపల ముందు ముఖం నుంచి 20 మిల్లీమీటర్ల లోతు వరకు బేరింగ్ కూర్చునే చోటు, డయా 52. అక్కడినుంచి ముఖానికి 78 మిల్లీమీటర్ల లోతు వరకు గ్రీజు నిలిచే గది, డయా 56. ఆ తర్వాత వెనక గోడ, దాని మధ్యలో షాఫ్టు బయటికి వెళ్లేందుకు డయా 28 రంధ్రం. ఫ్లాంజి వెనకనుంచి ఒంటి మీదికి దిగే నాలుగు రిబ్బులు కూడా ఉన్నాయి. కటింగ్ ప్లేన్ సరిగ్గా మధ్య గుండా వెళ్లింది.

సెక్షన్ బొమ్మ చూస్తే మధ్యలో అడ్డంగా సెంటర్ లైను, దానికి పైన ఒకటి కింద ఒకటిగా రెండు హ్యాచింగ్ పట్టీలు కనిపిస్తాయి. రెండింటిలోనూ గీతలు 45 డిగ్రీల వాలుతో, ఒకే వైపుకు, ఒకే ఎడంతో ఉంటాయి. బొమ్మలో విడిగా కనిపించినా ఇవి ఒకే వస్తువు ముక్కలని చెప్పే గుర్తు అది. పై పట్టీ అసలు గుండ్రటి గోడకు పైభాగం, కింది పట్టీ అదే గోడకు కింది భాగం.

కొత్తగా చూసేవాళ్లను ఎక్కువగా తికమక పెట్టేది, నా ఉద్దేశంలో, పట్టీలు కాదు. పట్టీల మధ్య తెల్లటి చోటును నిలువుగా దాటుకుంటూ వెళ్లే గీతలు. మన బొమ్మలో ముందు ముఖం నుంచి 20 దగ్గర ఒక నిలువు గీత పై పట్టీ నుంచి కింది పట్టీ దాకా వెళుతుంది. 78 దగ్గర ఇంకొకటి. వీటిని చూసి లోపల ఏదో పలుచటి తడిక అడ్డం ఉందనుకుంటారు. తడికే ఉంటే కత్తి దానికీ తగిలేది, అక్కడ రెండు గీతలూ వాటి మధ్య హ్యాచింగూ ఉండేవి. ఒంటరి గీత ఉందంటే అది డయా మారే మెట్టు అంచు. 52 డయా నుంచి 56కి మారే చోట గుండ్రటి అంచు ఒకటి ఉంది. మనకు మిగిలిన సగంలో ఆ అంచు అర్ధవృత్తంగా ఉంటుంది, మనం దాన్ని ఎదురుగా చూస్తున్నాం కాబట్టి నిలువు గీతలా కనిపిస్తుంది.

ఇక మందం. స్కేలు తీసి కాగితం మీద పట్టీ వెడల్పు కొలవాలనిపిస్తుంది కానీ ఆ పని చేయకూడదు. జిరాక్సు తీసినప్పుడు బొమ్మ కాస్త పెరుగుతుంది, తగ్గుతుంది. డ్రాయింగు ఏ స్కేలుకు గీశారో వేరే సంగతి. తర్వాత ఎప్పుడో అంకె మార్చి గీత మార్చకుండా వదిలేసిన డ్రాయింగులు షాపుల్లో కొల్లలు. కొలత అంటే రాసి ఉన్న అంకే.

చిక్కేమిటంటే గోడ మందం అన్న అంకె డ్రాయింగులో చాలాసార్లు ఉండదు. గుండ్రటి వస్తువుకు బయటి డయా, లోపలి డయా ఇస్తారు. లేతు మీద పనిచేసేవాడికి కావలసినవి ఆ రెండే. మందం మనం రాబట్టుకోవాలి. గ్రీజు గది దగ్గర:

(72 − 56) ÷ 2 = 8

రెండుతో భాగించడం మర్చిపోతే 16 వస్తుంది. అది పై గోడా కింది గోడా కలిపిన మందం. బేరింగ్ కూర్చునే చోట, ఫ్లాంజి దాటిన తర్వాత, అంటే 14 నుంచి 20 వరకు, 72లోంచి 52 తీసి సగం చేస్తే 10. వెనక గోడ మందం ఒంటి పొడవు వైపు ఉంటుంది కాబట్టి అక్కడ డయాలతో పనిలేదు, సగం చేయడమూ లేదు. 90లోంచి 78 తీస్తే 12. ఒకే వస్తువులో మూడు చోట్ల మూడు మందాలు. ‘ఈ హౌసింగ్ గోడ మందం ఎంత’ అని ఎవరైనా అడిగితే, ఎక్కడ అని తిరిగి అడగడమే సరైన జవాబు.

సగం చేయడం చెల్లేది లోపలి వృత్తం, బయటి వృత్తం ఒకే సెంటర్ లైను మీద ఉన్నప్పుడే. నలుచదరపు డబ్బాకు బయటి వెడల్పు 80, లోపలి వెడల్పు 66 ఉంటే రెండువైపులా 7 అని రాసేయకూడదు. ఎడమ గోడ 5 అని డ్రాయింగులో ఎక్కడో ఇచ్చి ఉండవచ్చు, అప్పుడు కుడి గోడ 9 అవుతుంది. హాఫ్ సెక్షన్‌లో మరో పొరపాటు జరుగుతుంది. అందులో వస్తువులో సగం కోసినట్టు, సగం కోయనట్టు గీస్తారు. కాబట్టి లోపలి డయా కొలత గీతకు ఒక కొసనే బాణం ఉండి, రెండో కొస సెంటర్ లైను దాటి ఊరికే ఆగిపోతుంది. పొట్టి గీత చూసి దాన్ని వ్యాసార్ధం అనుకుంటారు. అంకె ముందు డయా గుర్తు, అంటే అడ్డగీత కొట్టిన సున్న, ఉంటే అది పూర్తి వ్యాసమే, గీత ఎంత పొట్టిగా ఉన్నా సరే.

రిబ్బుల సంగతి వేరే. మన కటింగ్ ప్లేన్ పైన ఒక రిబ్బును, కింద ఒక రిబ్బును నిలువునా చీల్చుకుంటూ వెళ్లింది. కత్తి తగిలింది కదా, హ్యాచింగ్ ఉండాలి. కానీ ఉండదు. ఒక్క రిబ్బుకూ తెలుపే వదిలేస్తారు. అది మరుపు కాదు, ఒప్పందం. రిబ్బుకు కూడా గీతలు నింపితే ఫ్లాంజి నుంచి ఒంటిదాకా ఒకటే హ్యాచింగ్ ముద్ద అవుతుంది, చూసేవాడు అక్కడ గోడ చుట్టూరా అంత దళసరిగా, గరాటులా ఉందనుకుంటాడు. నిజానికి అక్కడున్నవి నాలుగు పలుచటి రెక్కలు మాత్రమే. భారతీయ ప్రమాణాల సంస్థ విద్యార్థుల కోసం 2003లో వెలువరించిన డ్రాయింగ్ పుస్తకం ఎస్‌పీ 46 పాటించే ఆనవాయితీ కూడా ఇదే: రిబ్బులు, షాఫ్టులు, బోల్టులు, పిన్నుల వంటివాటిని పొడుగునా కోసినా హ్యాచింగ్ చేయరు. కాబట్టి గోడ మందం చూసేటప్పుడు హ్యాచింగ్ పట్టీ బయటి అంచు దగ్గర ఆగాలి, దాని పైన తెల్లగా ఉన్న త్రికోణాన్ని లెక్కలోకి తీసుకోకూడదు.

ఒప్పందాలు ఇలా కాపాడతాయి గాని, కోత చోటు మారితే కాపాడేవాళ్లుండరు. కటింగ్ ప్లేన్ కేంద్రం గుండా కాకుండా 20 మిల్లీమీటర్లు పక్కగా వెళ్లిందనుకోండి. అక్కడ ఏదో రంధ్రం చూపించాలని అలా కోస్తుంటారు. అప్పుడు అదే గోడ బొమ్మలో దళసరిగా కనిపిస్తుంది, ఎందుకంటే కత్తి గోడను నిటారుగా కాక ఏటవాలుగా దాటుతుంది. మన హౌసింగ్‌కు లెక్క వేస్తే:

√(36² − 20²) − √(28² − 20²) ≈ 29.9 − 19.6 = 10.3

గోడ అసలు మందం 8, బొమ్మలో కనిపించేది 10.3. బొమ్మ అబద్ధం చెప్పడం లేదు, అడిగిన చోట కోసి చూపించింది. మందం అన్నది ఎప్పుడూ గోడ ఉపరితలానికి లంబంగా చూడాల్సిన కొలత. గరాటు ఆకారపు గోడకూ ఇదే వర్తిస్తుంది. అక్షానికి 30 డిగ్రీలు వాలిన గోడలో డయాల తేడాను సగం చేస్తే 10 వచ్చిందంటే, అసలు మందం దాన్ని 30 డిగ్రీల కొసైన్‌తో గుణించినంత, అంటే దాదాపు 8.7.

విడి వస్తువు డ్రాయింగు కాక అసెంబ్లీ డ్రాయింగు చేతిలో ఉంటే హ్యాచింగ్ దిశ ముఖ్యమవుతుంది. మన హౌసింగ్ వెనక రంధ్రంలో డయా 28 బయట, 22 లోపల ఉన్న గన్‌మెటల్ బుష్ బిగించారనుకుందాం. అసెంబ్లీ బొమ్మలో రెండూ అతుక్కుని కనిపిస్తాయి. హౌసింగ్ గీతలు కుడివైపు వాలితే బుష్ గీతలు ఎడమవైపు వాలుతాయి, అదీ కుదరకపోతే గీతల ఎడం మారుతుంది. దిశ మారిన గీత దగ్గరే ఒక వస్తువు ముగిసి ఇంకొకటి మొదలైంది. అక్కడ ఆగకపోతే 22 దగ్గరనుంచి లోహమంతా హౌసింగ్‌దే అనుకుంటాం. బుష్ మందం (28 − 22) ÷ 2, అంటే 3 మిల్లీమీటర్లు. గ్యాస్కెట్ లాంటి మరీ పలుచటి వాటికి గీతలు నింపే చోటుండదు, అందుకని వాటిని పూర్తిగా నల్లగా పూసేస్తారు. ఆ నలుపు వెడల్పు చూసి మందం ఊహించవద్దు, పార్ట్స్ లిస్టులో అంకె చూడాలి.

ఇంతవరకు వచ్చిన 8 అన్నది కాగితం మీది 8. పోత పోసిన వస్తువులో సరిగ్గా 8 ఉండదు. పోత కొలతలు ఒక మిల్లీమీటరు ఇటూ అటూ ఉండవచ్చని మన డ్రాయింగు టైటిల్ బ్లాక్ దగ్గర రాశారనుకుందాం. బయటి 72, లోపలి 56 రెండూ మిషనింగ్ చేయని పోత ఉపరితలాలే. గోడ అన్నిటికంటే పలచబడేది ఎప్పుడు? బయటి డయా బాగా తగ్గి, లోపలి డయా బాగా పెరిగినప్పుడు. 71లోంచి 57 తీసి సగం చేస్తే 7. అన్నిటికంటే దళసరయ్యేది 73, 55 వచ్చినప్పుడు, అప్పుడు 9. వెనక గోడకు ఇదే పద్ధతి. మిషనింగ్ చేసిన 90కి 0.2 ఇటూ అటూ, పోత లోతు 78కి 1 ఇటూ అటూ ఉంటే, ఆ 12 అన్నది 10.8 నుంచి 13.2 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మనకు అంకె ఇవ్వని కొలత మీద మిగిలిన కొలతల హెచ్చుతగ్గులన్నీ వచ్చి పడతాయి. అందుకే గోడ మందమే ప్రాణమైన వస్తువులో, అంటే లోపల ఒత్తిడి ఉండే పంపు, సిలిండరు లాంటి వాటిలో, ‘ఇక్కడ కనీసం ఇంత’ అని విడిగా రాయమని డిజైనర్‌ను అడగాలి.

దీని మీద ఇంకొకటి ఉంది. పోతలో డొల్ల చేయడానికి అచ్చు మధ్య ఇసుకతో చేసిన కోర్ నిలబెడతారు. కరిగిన ఇనుము కోర్ చుట్టూ చేరి గోడ అవుతుంది. ఇనుము బరువు, ఇసుక తేలిక. పడుకోబెట్టి పోసిన అచ్చులో కరిగిన లోహం కోర్‌ను పైకి లేపాలని చూస్తుంది. కోర్‌ను రెండు కొసల్లో పట్టుకునే కోర్ ప్రింట్లు వదులుగా ఉంటే అది నిజంగానే లేస్తుంది. అప్పుడు అచ్చులో పైవైపు గోడ పలచబడి, కిందివైపు గోడ దళసరవుతుంది. డయాలు రెండూ సరిగ్గా ఉన్నా గోడ తప్పుతుంది. కోర్ ఒక మిల్లీమీటరు వరకు జరగవచ్చని ఒప్పుకుంటే, మన 7 కాస్తా 6కు దిగుతుంది. కాగితం మీద 8, చేతికి 6 వచ్చినా అది డ్రాయింగు గీసుకున్న హద్దుల్లోనే ఉంది.

వస్తువు చేతికొచ్చాక కొలిచే దారులు రెండు మూడున్నాయి. అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ గేజ్‌ను బయటినుంచి ఆనిస్తే లోపలి గోడ దాకా వెళ్లి వచ్చిన శబ్దం సమయాన్ని బట్టి మందం చెబుతుంది. అయితే పరికరాన్ని ఉక్కుకు సెట్ చేసి ఉంచి బూడిదరంగు పోత ఇనుము మీద పెడితే తప్పు చెబుతుంది. ఉక్కులో శబ్దం సెకనుకు దాదాపు 5,900 మీటర్లు పోతుంది. పోత ఇనుములో అంతకంటే నెమ్మది, పైగా ఒక పోతకూ ఇంకొక పోతకూ తేడా ఉంటుంది. 4,600 ఉందనుకుంటే 8 మిల్లీమీటర్ల గోడ తెర మీద 10కి కాస్త ఎక్కువగా కనిపిస్తుంది. పలుచటి గోడను దళసరి అని చూపించే తప్పు కాబట్టి ఇది ప్రమాదకరమైన వైపు తప్పు. అదే పోతలోంచి కోసి, మందం తెలిసిన ముక్క మీద ముందు సెట్ చేసుకోవాలి.

నమ్మకమైన దారి మొదటి శాంపిల్‌ను త్యాగం చేయడం. డ్రాయింగులో ‘ఎ-ఎ’ ఎక్కడుందో అక్కడే, అచ్చులో పైవైపు ఏదో గుర్తు పెట్టుకుని, బ్యాండ్ సాతో నిజంగానే నిలువునా కోస్తారు. అప్పుడు గోడకు రెండువైపులా అందుతుంది. లోపలివైపు వంపు ఉంటుంది కాబట్టి మామూలు మైక్రోమీటర్ చదును అన్విల్ ఆ వంపులో పూర్తిగా ఆనదు, రెండు అంచుల మీద నిలబడి మందం ఎక్కువ చూపిస్తుంది. 28 వ్యాసార్ధపు వంపులో 6 మిల్లీమీటర్ల పైచిలుకు వెడల్పున్న అన్విల్‌తో ఆ తప్పు దాదాపు 0.2 ఉంటుంది. గుండు కొస ఉన్న మైక్రోమీటర్ వాడాలి. కొలిచే చోటు రిబ్బులు ముగిశాక, ముఖం నుంచి 65 దగ్గర పెట్టుకుంటే మంచిది. కోసినప్పుడు రంపం రిబ్బును కూడా కోస్తుంది, అక్కడ కొలిస్తే గోడా రిబ్బూ కలిసి వస్తాయి.

ఆ చోట అచ్చులో పైవైపు గోడ 6.7, కిందివైపు 9.1 వచ్చిందనుకుందాం. రెండూ ఆ 6 అన్న హద్దుకు పైనే ఉన్నాయి కదా అని సంతకం పెట్టేయవచ్చు. కానీ ఆ రెండు అంకెల్ని కలిపి ఒకసారి, తీసి ఒకసారి చూడాలి. కలిపితే 15.8. డయాల ప్రకారం 72లోంచి 56 పోగా 16 రావాలి. తేడా 0.2 మాత్రమే, అంటే అచ్చు డయా, కోర్ డయా రెండింటితోనూ పెద్ద పేచీ లేదు. ఇప్పుడు ఒకదానిలోంచి ఇంకొకటి తీస్తే 2.4, దాన్ని సగం చేస్తే 1.2. కోర్ జరిగిన దూరం అది. ఒప్పుకున్న ఒక్క మిల్లీమీటరు దాటింది. ఈసారి డయాలు బాగా వచ్చాయి కాబట్టి గోడ నిలబడింది. తర్వాత వచ్చే పోతలో లోపలి డయా హద్దులోనే ఉంటూ 57కు పెరిగి, బయటిది 71కు తగ్గితే అదే 1.2 జరుగుడుతో పై గోడ 5.8కి పడిపోతుంది. కాబట్టి ఫౌండ్రీకి పంపాల్సిన మాట గోడ దళసరి చేయమని కాదు. కోర్ ప్రింట్లు బిగువుగా చేయమని, అదీ చాలకపోతే కోర్ లేవకుండా పైవైపు చాప్లెట్లు పెట్టమని.